ఆఫీసు భోజనం కొటేషన్‌లో ‘కనీస ప్లేట్లు’: తిరుపతి వాళ్ళు సంతకం పెట్టేముందు ఇది చూడండి

తిరుపతిలో ఆఫీసులకు మధ్యాహ్నం భోజనం సప్లై చేస్తామని కొటేషన్లు పట్టుకుని తిరిగే చిన్న క్యాటరింగ్ వాళ్ళు చాలామంది ఉన్నారు. అందరినీ అనడం లేదు. మాకు వచ్చిన ఆయన వంటకు కూడా పెద్దగా వంక పెట్టలేను, రసం అయితే నిజంగా బాగుండేది. దెబ్బ తగిలింది కాగితం దగ్గర. పేరు రాయను గానీ, ఆ లెటర్లో ఏముందో, నెలాఖరుకు బిల్లు ఎలా తయారైందో చెబుతాను. ఇలాంటి లెటరే మీ టేబుల్ మీదకూ రావచ్చు.

మా ఆఫీసు ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు. స్టాఫ్ 45 మంది. లెటర్ మొదటి పేజీ చూడముచ్చటగా ఉంది: అన్నం, సాంబారు, రసం, ఒక కూర, ఒక వేపుడు, పెరుగు, అప్పడం, వారానికి రెండు రోజులు ఉడకబెట్టిన గుడ్డు, ప్లేటు 80 రూపాయలు, డెలివరీ ఉచితం. షరతులన్నీ వెనక పేజీలో చిన్న అక్షరాల్లో ఉన్నాయి. వాటి కింద ‘పై షరతులకు అంగీకరిస్తున్నాము’ అనే లైను, మన స్టాంపుకూ సంతకానికీ ఖాళీ. అక్కడ సంతకం పడ్డాక అది కొటేషన్ కాదు, ఒప్పందం.

అందులో మూడో షరతు ఇది: ‘రోజుకు కనీసం 40 ప్లేట్లకు బిల్లు చేయబడును.’ 45 మంది ఉన్న ఆఫీసుకు 40 అంటే ఎవరికైనా సబబుగానే అనిపిస్తుంది. కానీ ఆ ‘రోజుకు’ అన్న మాటలోనే మెలిక ఉంది. ఒక వారం లెక్క చూడండి. సోమవారం 44 మంది తిన్నారు, మంగళవారం 43, బుధవారం 42, గురువారం 38, శుక్రవారం 36, శనివారం 25. మొత్తం 228 ప్లేట్లు. బిల్లు మాత్రం 249 ప్లేట్లకు వచ్చింది. 40 దాటిన రోజున ఎంతమంది తింటే అంతకు కడతాం, తగ్గిన రోజున 40కి కడతాం. ఎక్కువైన రోజుది తక్కువైన రోజుకు సర్దుబాటు కాదు. 21 ప్లేట్లకు 1,680 రూపాయలు, దాని మీద ట్యాక్సు వేరే.

పోనీ డబ్బు కట్టించుకున్నాడు, 40 మందికి సరిపడా భోజనమైనా పంపాడా అంటే అదీ లేదు. శనివారం 25 మంది అని ఫోన్‌లో చెబితే 25 మందికే వచ్చింది. సాంబారు క్యాన్ సగానికి కూడా లేదు, పెరుగు కప్పులు సరిగ్గా 25. ఇదేమిటని అడిగితే, ‘మీరే 25 అని చెప్పారు కదా సార్, వండి పారెయ్యడం దేనికి? అన్నం పరబ్రహ్మ స్వరూపం కదా’ అన్నాడు. ఆ రోజు మా వాళ్ళు తిన్న ఒక్కో ప్లేటు ఎంత పడిందో చూడండి. 40 ప్లేట్లకు 3,200, అయిదు శాతం కలిపితే 3,360. దాన్ని 25తో భాగిస్తే 134 రూపాయల పైమాటే. ఆ డబ్బుకు హోటల్లో కూర్చుని ఫుల్ మీల్స్ తినొచ్చు.

మన ఊళ్ళో ఈ షరతు మరీ గట్టిగా తగులుతుంది. పెరటాసి నెల వచ్చిందంటే శనివారాలు ఉపవాసాలు, ఒంటిపూటలు. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజున సగం మంది కొండ మీద, మిగతా సగం ట్రాఫిక్‌లో. గంగమ్మ జాతర వారం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ రోజులకు మినహాయింపు ఉందా అని వెతికితే లెటర్లో ఒక్క ముక్క లేదు. పెరటాసిలో గుడ్డు వద్దన్న వాళ్ళకు బదులుగా ఏమిస్తారో కూడా లేదు. గుడ్డు పోయింది, రేటు 80 అలాగే ఉంది.

క్యాటరింగ్ వాళ్ళ బాధ నాకు తెలియనిది కాదు. 25 మందికి వండినా 40 మందికి వండినా వంటమనిషి కూలీ, ఆటో బాడుగ మారవు. కూరగాయలు ముందురోజు రాత్రే తరుగుతారు, అన్నం మాత్రం పొద్దున తొమ్మిది తర్వాతే పొయ్యి మీద పెడతారు. అందుకని సుమారు లెక్క ముందురోజు సాయంత్రం, ఖాయం లెక్క పొద్దున తొమ్మిదిలోపు అంటే ఇద్దరికీ కుదురుతుంది. కనీస ప్లేట్ల బదులు స్లాబు అడగండి. 40, ఆపైన అయితే 80 రూపాయలు, 30 నుంచి 39 దాకా 84, అంతకన్నా తగ్గితే 90. ఈ లెక్కన ఆ శనివారం 2,250తో పోయేది. ఆయన ఖర్చులూ గిట్టుబాటు అయ్యేవి. స్లాబు ఒప్పుకోకపోతే కనీసాన్ని రోజుకు కాకుండా నెల మొత్తానికి రాయించండి.

ఏడో షరతు: ‘మార్కెట్ ధరలను బట్టి రేట్లు మారును.’ ఎంత పెరిగితే ఎంత మారుతుందో లేదు, తగ్గితే తగ్గిస్తారో లేదో అసలే లేదు. మదనపల్లె మార్కెట్లో టమోటా కిలోకు 40 రూపాయలు పెరిగిందని ప్లేటుకు 8 రూపాయలు పెంచమన్నాడు. సాంబారు, రసం, కూర అన్నీ కలిపి మనిషికి 60 గ్రాముల టమోటా వేసుకున్నా పెరిగింది 2 రూపాయల 40 పైసలు. టమోటా దిగొచ్చాక రేటు దిగలేదు. మూడు నెలల వరకు రేటు మారదనీ, ఆ తర్వాత మార్చాలంటే 15 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలనీ రాయించుకోవడం మేలు.

ఇక ట్యాక్సు. కొటేషన్లో ‘జీఎస్టీ అదనం’ అని ఉంది, నెలనెలా అయిదు శాతం వేశాడు. మా అకౌంట్స్ అమ్మాయి బిల్లు పైన చూస్తే ‘బిల్ ఆఫ్ సప్లై’ అని ఉంది, ట్యాక్స్ ఇన్‌వాయిస్ అని లేదు. ట్యాక్సు వసూలు చేయనివాళ్ళు ఇచ్చే బిల్లు అది. అనుమానం వచ్చి services.gst.gov.in లో Search Taxpayer దగ్గర ఆయన నంబరు కొట్టింది. కాంపొజిషన్ అని చూపించింది, అంటే చిన్న వ్యాపారులు అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను కట్టే పద్ధతి. కాంపొజిషన్‌లో ఉన్నవాళ్ళు కస్టమర్ దగ్గర జీఎస్టీ విడిగా వసూలు చేయకూడదు, తమ జేబులోంచే కట్టాలి. రిజిస్ట్రేషనే లేనివాళ్ళకూ వసూలు చేసే హక్కు లేదు. మామూలుగా స్టాఫ్ భోజనాల మీద కట్టిన జీఎస్టీకి ఆఫీసుకు క్రెడిట్ కూడా రాదు కాబట్టి ఆ అయిదు శాతం నేరుగా మన ఖర్చే. వేరే వాళ్ళ దగ్గర తీసుకున్నా ‘అన్నీ కలిపి ఇంత’ అని ఒకే రేటు అడగండి. ఆంధ్రాలో రిజిస్టరయిన జీఎస్టీ నంబరు 37తో మొదలవుతుంది, లెటర్ హెడ్ మీద ముందు అది చూసుకోండి.

ట్యాక్సు పేరుతో తీసుకున్నది ఆఖరి బిల్లులో తగ్గించాడు, పోర్టల్ ప్రింటవుట్ ముందు పెట్టాక. కనీస ప్లేట్ల డబ్బు మాత్రం రాలేదు. సంతకం ఉంది కదా సార్ అన్నాడు, ఉంది మరి. మానేద్దామంటే 30 రోజుల నోటీసు షరతు, అదీ అదే వెనక పేజీలో. ఆ నెల రోజులూ రోజుకు 40 చొప్పునే కట్టి వదిలించుకున్నాం. ఇప్పుడు స్లాబు రేట్లకు ఒప్పుకున్న ఒకావిడ దగ్గర తెప్పిస్తున్నాం. రసం ఆయన చేసినంత బాగుండదు.