‘చూద్దాం’, ‘చేయించాలి’ మెసేజ్‌ల నుంచి మినిట్స్: రెండేళ్ల వాడకం తర్వాత

అపార్ట్‌మెంట్ కమిటీ మీటింగ్ అయ్యాక సెక్రటరీ గారు వాట్సాప్ గ్రూపులో పెట్టే మెసేజ్‌ను మినిట్స్‌గా తిరగరాయడానికి రెండేళ్లుగా ఒకే పద్ధతి వాడుతున్నాం. ప్రతి పనికీ నాలుగు గడులు: పని, బాధ్యులు, గడువు, పూర్తయిన తేదీ. పద్ధతి పనిచేస్తుంది. అయితే గడులు గీయడంలో పెద్ద కష్టమేమీ లేదు. మెసేజ్‌లో లేనిదాన్ని అడిగి తెలుసుకోవడంలోనే అసలు పనంతా ఉంది.

ఇలాంటి మెసేజ్ ఒకటి తీసుకుందాం. మీటింగ్ 2025 జూన్ 8, ఆదివారం. మర్నాడు వచ్చిన మెసేజ్ ఇది:

“అందరికీ నమస్కారం. నిన్న మీటింగ్ బాగా జరిగింది. ట్యాంకులు క్లీన్ చేయించాలి అనుకున్నాం. లిఫ్ట్ ఏఎంసీ ఈ నెలాఖరుకి అయిపోతోంది, వాళ్లతో మాట్లాడాలి. 302 వాళ్ల లీకేజీ చూద్దాం. కెమెరాల సంగతి ప్రసాద్ గారు చూసుకుంటానన్నారు. పెండింగ్ ఉన్నవాళ్లు త్వరగా కట్టేయండి.”

మీటింగ్‌లో కూర్చున్నవాళ్లకు ఇందులో అర్థం కానిది ఏమీ లేదు. పది రోజుల తర్వాత మాత్రం ఏ పని ఎవరిదో చెప్పడం కష్టం. తెలుగులో కర్త లేకుండానే వాక్యం నిండుగా వినిపిస్తుంది. ‘చేయించాలి’, ‘మాట్లాడాలి’ అంటే ఎవరు అన్న ప్రశ్న చెవికి తట్టదు. అందుకని మొదటి విడత చదివేటప్పుడు చేసేది ఒక్కటే: వాక్యం చివర ఉన్న క్రియ కింద గీత గీసి, దాని ముందు ఒక మనిషి ఉన్నారో లేదో చూడటం. పై మెసేజ్‌లో ఐదు పనులుంటే ఒక్కదానికే మనిషి ఉన్నారు. అదీ సగమే, ఎందుకంటే బిల్డింగ్‌లో ప్రసాద్ గార్లు ఇద్దరు. మినిట్స్‌లో బాధ్యుల దగ్గర ఫ్లాట్ నంబర్ తప్పనిసరి చేసింది ఇందుకే.

‘చేయించాలి’ దగ్గర ఇంకో చిక్కుంది. ట్యాంకు కడిగేది బయటి మనుషులు. వాళ్లను పిలిచి, దగ్గరుండి చూసి, డబ్బిచ్చి పంపేది ఒక కమిటీ సభ్యుడు. బాధ్యుల గడిలో ఉండాల్సింది ఆ చేయించేవారే. అక్కడ ‘ప్లంబర్’, ‘వాచ్‌మన్’, ‘లిఫ్ట్ కంపెనీ’ అని రాస్తే ఆ పని ఎవరిదీ కాకుండా పోతుంది, ఎందుకంటే వాళ్లు మన మినిట్స్ చదవరు. ‘కమిటీ’ అని రాసినా అంతే. ఇద్దరు కలిసి చేసే పనైనా ఒక్కరి పేరే రాసి, రెండోవారిని పని వివరంలో ‘సాయం’ అని చూపిస్తాం.

‘చూద్దాం’ అన్నది ఇంకా నిర్ణయం కాని మాట. దాన్ని ‘302 లీకేజీ రిపేరు’ అని మినిట్స్‌లోకి ఎక్కిస్తే, మీటింగ్ తీసుకోని నిర్ణయాన్ని రాసేవారు తీసుకున్నట్టవుతుంది. తిరగరాసేవారు చేసే పెద్ద తప్పు ఇదే. సెక్రటరీ గారిని అడిగితే, నీళ్లు పై ఫ్లాట్ బాత్రూమ్ నుంచి వస్తున్నాయా, గోడలోని పైపు నుంచా అన్నదే తేలలేదని చెప్పారనుకోండి. అప్పుడు పని రిపేరు కాదు, కారణం కనుక్కోవడం. ఖర్చు ఎవరిదన్నది ‘నిర్ణయం కాలేదు, వచ్చే మీటింగ్‌కి’ అని విడిగా రాయాలి.

గడువు మాటలు మరీ జారుడు. ‘ఆదివారం లోపు’ అంటే కొందరికి శనివారం రాత్రి, ఇంకొందరికి ఆదివారం రాత్రి. ‘ఎల్లుండి’ అన్నది మెసేజ్ చూసిన రోజును బట్టి మారిపోతుంది. అందుకే తేదీ, వారం రెండూ రాస్తాం. రెండూ సరిపోలకపోతే పొరపాటు అక్కడే బయటపడుతుంది. ఏఎంసీ లాంటి వార్షిక నిర్వహణ ఒప్పందాలకు గడువును మీటింగ్ రోజు నుంచి ముందుకు కాకుండా, ఒప్పందం ముగిసే రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. జూన్ 30కి ముగుస్తుంటే, డబ్బు కట్టడానికి రెండు రోజులు, కమిటీ చూసి ఒప్పుకోవడానికి ఒక వారం తీసేస్తే కొటేషన్లు 21కి చేతిలో ఉండాలి. ‘నెలాఖరు’ అని రాసి వదిలేస్తే కొటేషన్ వచ్చేసరికే ఒప్పందం అయిపోతుంది.

ఈ ప్రశ్నలన్నీ అడిగి, జవాబులు వచ్చాక మెసేజ్ ఇలా మారుతుంది:

1. రెండు ఓవర్‌హెడ్ ట్యాంకులు, సంపు కడిగించడం, ఖర్చు రూ. 4,000 దాటితే ముందు ట్రెజరర్‌ని అడగాలి. బాధ్యులు: 104. గడువు: 15 జూన్, ఆదివారం.
2. లిఫ్ట్ ఏఎంసీకి ఇప్పటి కంపెనీతో పాటు ఇంకో కొటేషన్ తెచ్చి గ్రూపులో పెట్టడం. బాధ్యులు: 201. గడువు: 21 జూన్, శనివారం.
3. 402 బాత్రూమ్ రెండు రోజులు వాడకుండా ఆపి, 302 సీలింగ్‌లో తడి తగ్గిందో లేదో ఫొటోలతో చెప్పడం. బాధ్యులు: 204, సాయం: 402. గడువు: 14 జూన్, శనివారం.
4. పనిచేయని గేటు కెమెరా, ర్యాంపు కెమెరా బాగుచేయించడం. బాధ్యులు: ప్రసాద్ గారు, 503. గడువు: 18 జూన్, బుధవారం.
5. బకాయి ఉన్న ఫ్లాట్లకు విడివిడిగా మొత్తం రాసి పంపడం. బాధ్యులు: ట్రెజరర్, 301. గడువు: 11 జూన్, బుధవారం.

ప్రతి పనీ కంటికి కనిపించేదానితో ముగుస్తుంది: కొటేషన్, ఫొటో, పంపిన మెసేజ్. ‘మాట్లాడాలి’ అని వదిలేస్తే ఫోన్ చేసినా పూర్తయినట్టే, ఫోన్ ఎత్తకపోయినా ‘మాట్లాడుతున్నాం’ అన్నట్టే. ఐదో పనిలో బకాయిదారుల పేర్లు లేకపోవడం కావాలని చేసిందే. ఒకరి బకాయి సంగతి అందరి ముందూ పెట్టడం సరికాదని నా గట్టి అభిప్రాయం.

మీటింగ్‌కి రానివారి పేరు మీద పని రాయాల్సివస్తే, వాళ్లు ఒప్పుకునేదాకా పక్కన ‘అంగీకారం రావాలి’ అని ఉంచుతాం. ముసాయిదాను ముందుగా బాధ్యులకే పంపి, ఒక రోజు ఆగి గ్రూపులో పెడతాం. వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ను 15 నిమిషాల తర్వాత దిద్దలేం కాబట్టి ఈ ఒక్క రోజు ఆగడం వృథా కాదు. పెట్టాక 30 రోజులకు పిన్ చేస్తాం.

వాట్సాప్‌లో గడుల పట్టిక ఫోన్ తెర మీద చెదిరిపోతుంది కనుక అక్కడ పైలాగా వరుసలే. పట్టిక గూగుల్ షీట్‌లో ఉంటుంది. A పని, B బాధ్యులు, C గడువు, D పూర్తయిన తేదీ అయితే, E2లో ఈ ఫార్ములా:

```
=IF(AND(C2<>"",D2="",C2<TODAY()),"గడువు దాటింది","")
```

దీనిలో చప్పుడు లేకుండా తప్పు జరిగే చోటు ఒకటుంది. షీట్ అమెరికా సెట్టింగ్‌లో ఉంటే 15/06/2025 తేదీగా కాక ఉత్త అక్షరాలుగా నిలిచిపోతుంది. షీట్ లెక్కలో అక్షరాలు ఏ అంకె కన్నా పెద్దవే, కాబట్టి గడువు ఎంత దాటినా ఆ వరుస ఖాళీగానే కనిపిస్తుంది. గుర్తుపట్టడం సులువు: తేదీ గడిలో కుడివైపుకు జరుగుతుంది, అక్షరాలు ఎడమవైపే ఉంటాయి. 06/07/2025 అయితే ఇంకా మోసం. జూలై 6 అనుకుని కొడితే జూన్ 7గా తీసుకుని, కుడివైపే కూర్చుంటుంది. File మెనూలో Settings తెరిచి Locale దగ్గర India పెట్టాకే తేదీలు కొట్టడం మొదలుపెట్టాలి.

ఐదారు పనులున్న మెసేజ్‌ను మార్చడానికి రాత పని అరగంట, జవాబుల కోసం ఎదురుచూపు ఒక రోజు. ఎనిమిది పనులు దాటితే మాత్రం ఈ పద్ధతి నీరసపడుతుంది. జాబితా పొడుగైతే తమ వరుసను వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు. అప్పుడు చిన్నవాటిని వచ్చే మీటింగ్‌కి నెట్టడమే నయం. గడువు దాటిన పనికి పాత తేదీని చెరపకుండా పక్కనే కొత్త తేదీ రాస్తాం. ఒకే పనికి మూడో తేదీ రాయాల్సి వచ్చిందంటే, సాధారణంగా ఆ పని రెండు పనులైనా అయ్యుంటుంది, లేదా డబ్బు ఒప్పుకోలు కోసం ఆగి ఉంటుంది. దాన్ని వచ్చే మీటింగ్‌లో మొదటి అంశంగా పెడుతున్నాం.