ఆగి ఉన్న కార్లు తీసేశాక కర్బ్ కట్టడం: ఆరేళ్ల Vanishing Point వాడకం

పాత భవనాలను ఫోటో తీసేవాళ్లకు కార్ల బెడద తెలిసిందే. ట్రైపాడ్ మీద గంటసేపు ఫోటోలు తీసి కలిపితే నడిచే మనుషులు మాయమవుతారు గానీ, రాత్రి నుంచీ ఆగి ఉన్న కారు అన్నిట్లోనూ అక్కడే ఉంటుంది. అలాంటివాటి కోసం ఫోటోషాప్‌లోని `Filter > Vanishing Point` ను ఆరేళ్లుగా వాడుతున్నాను.

కారు చెరపడం క్షణం పని, దాని వెనక దాగినదాన్ని కట్టడమే అసలు తంటా. చుట్టూ ఉన్నదాన్ని చూసి ఖాళీ నింపే `Content-Aware Fill` తారు రోడ్డు వరకు బాగానే నింపుతుంది. ఫుట్‌పాత్ అంచు రాళ్ల వరస, అంటే కర్బ్ దగ్గరికొచ్చేసరికి అంచు మధ్యలో కుంగుతుంది, తెల్ల గీత ఒకటి ఎక్కడో తెగి ఇంకెక్కడో మొదలవుతుంది. Vanishing Point లో గోడ, రోడ్డు లాంటి తలాల మీద మనం గ్రిడ్ వేస్తే, దూరాన్ని బట్టి కొలత దానంతటదే తగ్గుతుంది కాబట్టి ఈ బాధ చాలావరకు తప్పుతుంది, అది సరిగ్గా వేస్తేనే సుమా.

మొన్నటి ఫోటో సంగతి చెప్తాను. రెండంతస్తుల భవనం, వీధి మూల నుంచి వాలుగా తీశాను. ముందు నాలుగు కార్లు. రెండో కారుకీ మూడో కారుకీ మధ్య చిన్న సందులో కర్బ్ రాళ్లు రెండు పూర్తిగా కనిపిస్తున్నాయి. మొదటి కారు చక్రాల మధ్య నుంచి కర్బ్ అడుగు కనిపిస్తోంది. నా దగ్గరున్న సాక్ష్యం అంతే. చెరిపే ముందు ఇలాంటి సందులన్నీ వెతికి పెట్టుకోవాలి.

గ్రిడ్ నేరుగా రోడ్డు మీద వేయను. అక్కడ పట్టుకోవడానికి తిన్నని గీతలు తక్కువ. భవనం ముఖం మీద, కిటికీల పై అంచులనూ కింది అంచులనూ పట్టుకుని మొదటి గ్రిడ్ వేస్తాను. కర్బ్ ఆ గోడకు సమాంతరంగా ఉంటే రెండూ ఒకే బిందువు వైపు పోతాయి. గ్రిడ్ నీలంగా ఉంటే సరే, పసుపో ఎరుపో అయితే మూలలు మళ్లీ సర్దాలి. దాన్ని నేల దాకా దించి, కింది అంచును Ctrl పట్టుకుని లాగితే ఫుట్‌పాత్ తలం వస్తుంది. దాని అంచు నుంచి కిందికి కర్బ్ ముఖం, మళ్లీ అక్కడి నుంచి రోడ్డు. ఈ మధ్య మెట్టు వదిలేసి ఫుట్‌పాత్ గ్రిడ్‌నే రోడ్డు దాకా సాగదీస్తే, రోడ్డు కర్బ్ ఎత్తంత పైకి లేచి గీతలన్నీ పక్కకు జరుగుతాయి. సందులోని ఆ రెండు రాళ్ల అడుగు గ్రిడ్ గీత మీద కూర్చుంటే నమ్మొచ్చు. కర్బ్ విల్లులా వంగి గ్రిడ్‌తో కలవకపోతే తప్పు లెన్సుది. లెన్స్ వంపు ముందే సరిచేసి రావాలి.

ఫిల్టర్ తెరిచే ముందు ఖాళీ లేయర్ ఒకటి చేసి పెట్టుకోండి. OK కొట్టాక లోపల చేసిన ఒక్కో మార్పునూ విడిగా వెనక్కి తీసుకోలేం, గ్రిడ్ మాత్రం మిగిలి ఉంటుంది. Stamp తో ఎప్పుడూ దగ్గరి రాళ్లను తీసుకుని దూరానికి పూయాలి. దూరపు రాయిని దగ్గరికి తెస్తే మసకగా సాగి, అతుకు ఇట్టే తెలిసిపోతుంది. కారు అంచు తగిలే చోట `Heal` ను Off లో ఉంచాలి, లేకపోతే కారు రంగు రోడ్డులోకి కారుతుంది.

తెగిన తెల్ల గీతలకు ఒక గీతనూ దాని తర్వాతి ఖాళీనీ కలిపి ఎంచుకుని, Alt పట్టుకుని ముందుకు జరుపుతాను. అలా రెండు సార్లు వేసి, మూడోది అవతల నిజంగా కనిపిస్తున్న గీత మీద పడుతోందా చూస్తాను. ఈసారి గీతలో పావు వంతు తప్పింది. వెతికితే రోడ్డు గ్రిడ్ వాలు ఒకటి రెండు డిగ్రీలు తేడా. రోడ్డు కర్బ్ వైపు కొంచెం వాలి ఉంటుంది మరి. గ్రిడ్ `Angle` తగ్గించాక సరిగ్గా పడింది. ఒకే పగులున్న రాయి రెండు చోట్ల కనిపించకుండా మూడు నాలుగు రాళ్ల నుంచి తీసుకోవాలి. రాయిని అద్దంలోలా తిప్పడం మాత్రం వద్దు, వెలుగు పక్క మారిపోతుంది.

చాలామంది మరిచేది కారు వదిలిన రంగు. మూడోది ఎర్ర కారు. అది పోయాక కూడా సున్నపు గోడ అడుగున లేత ఎరుపు మిగిలింది, కింది కిటికీ అద్దంలో దాని పైకప్పు మెరుస్తోంది. గోడకు రంగు ఒక్కటే తగ్గించాను. అద్దం మాత్రం పక్క కిటికీ నుంచి తెచ్చి వేయాల్సి వచ్చింది.

ఈ పద్ధతి చేయలేనిదొకటుంది, అదే నన్ను ఒకసారి నవ్వులపాలు చేసింది. వేరే భవనం ఫోటోలో కర్బ్‌ను ఈ మూల నుంచి ఆ మూల దాకా ముచ్చటగా కట్టాను. అక్కడ ఏళ్లుగా ఉంటున్న పెద్దాయన చూసి, "బండి లోపలికెలా పోతుంది బాబూ?" అన్నాడు. కారు వెనక పెద్ద గేటు, దాని ముందు కర్బ్ రోడ్డు మట్టానికి దిగి ఉంటుందట. గేటు కింద నేల మీద రెండు చక్రాల జాడలు ఫోటోలోనే ఉన్నాయి, నేనే చూడలేదు. ఇప్పుడు తలుపు, గేటు, మెట్టు ఉన్న చోట ఏ కారు ఆగి ఉన్నా ముందు పాత ఫోటోలు అడుగుతున్నాను. దొరకకపోతే ఆ ఒక్క కారును అలాగే ఉంచేస్తున్నాను.