చేతి పిడి, డ్రమ్ము ఉన్న పాత మిషన్: స్టెన్సిల్‌దా, స్పిరిట్‌దా?

చిత్తూరులో మూతపడిన ఒక టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ ఖాళీ చేస్తుంటే బయటపడిందని మా బావ మూడు ఫోటోలు పంపాడు. పక్కన తిప్పే పిడి, పైన నల్ల కవరు, ముందు కాగితం పెట్టే పలక, చిన్న అంకెల చక్రం. అంకెలు చూసి ఇది స్టాంపుకు బదులు ఉత్తరం మీద ముద్ర కొట్టే పోస్టాఫీసు ఫ్రాంకింగ్ మిషనేమో అన్నాడు.

ఫ్రాంకింగ్ కాదని తేల్చడం తేలిక. అందులో ఉత్తరం కవరు దూరే సన్నటి దారి, రూపాయలు పెట్టే మీటలు, తేదీ ముద్ర ఉంటాయి, మీటరు ఎవరూ విప్పకుండా సీలు వేసి ఉంటుంది. దీని పలక మీద ఫుల్‌స్కేప్ కాగితం పరచుకుని కూర్చుంటుంది, అంకెల చక్రం లెక్కపెట్టేది కాపీలనే.

ఇక మిగిలింది అసలు తికమక. మనం సైక్లోస్టైల్ అనే స్టెన్సిల్ మిషనూ, స్పిరిట్ డూప్లికేటరూ రెండూ కాపీలు తీసేవే, పక్క నుంచి తీసిన ఫోటోలో దాదాపు ఒకేలా కనిపిస్తాయి. చాలామంది ముందు పేరు పలకే వెతుకుతారు, కానీ అది తయారీదారు ఎవరో చెబుతుందే తప్ప లోపల ఏ పద్ధతి నడుస్తుందో ప్రతిసారీ చెప్పదు. నన్నడిగితే పేరు పలక ఫోటో కన్నా కవరు ఎత్తి తీసిన డ్రమ్ము ఫోటో ఎంతో మేలు.

స్పిరిట్ మిషన్‌లో డ్రమ్ము నున్నటి లోహం, చిల్లులుండవు. కాపీ తీయాల్సిన రాత ఉండే మాస్టర్ కాగితం అంచును పట్టుకునే క్లిప్పు ఉంటుంది, స్పిరిట్ తొట్టి, కాగితాన్ని తడిపే ఫెల్టు ఉంటాయి. రంగు మాస్టర్ మీదే ఉంటుంది కాబట్టి సిరా వేసే చోటే ఉండదు. పక్కన దొరికే పాత కాపీలు ఎక్కువగా ఊదా రంగులో ఉంటాయి. స్టెన్సిల్ మిషన్ అలా కాదు, అక్షరాలు కోసిన కాగితం, అంటే స్టెన్సిల్ గుండా సిరా బయటికి రావాలి. ఒకే డ్రమ్ము రకమైతే డ్రమ్ముకే చిల్లులుంటాయి, సిరా లోపలి నుంచి వస్తుంది. గెస్టెట్‌నర్ కంపెనీ మిషన్ల లాంటి రెండు సిలిండర్ల రకమైతే రెండింటి చుట్టూ పట్టు గుడ్డ బిగించి ఉంటుంది, స్టెన్సిల్ దాని మీద తగిలిస్తారు.

బావ చేత కవరు ఎత్తించి మళ్లీ ఫోటో తీయించాను. ఒకదాని మీద ఒకటిగా రెండు సిలిండర్లు, వాటిని చుట్టుకుని గట్టిపడిన నల్ల సిరాతో బిర్రబిగుసుకుపోయిన గుడ్డ, దాని పైఅంచున స్టెన్సిల్ తలలోని రంధ్రాలు తగిలించే చిన్న కొక్కేల వరుస. ఇది స్టెన్సిల్ డూప్లికేటరే, అనుమానం లేదు.

ఏ కాలందో తేల్చడానికి మాత్రం పక్క ఫోటోయే మేలు. డిజైనర్ రేమండ్ లోయీ 1929లో గెస్టెట్‌నర్‌కు కొత్త రూపం ఇచ్చి, బయటికి కనిపించే గేర్లను నున్నటి పెట్టెలో దాచాడు. గేర్లన్నీ బయటికి కనబడితే పాత నమూనా కావచ్చు, కానీ ఇది గెస్టెట్‌నర్ వాటి విషయంలోనే, అదీ ఒక అంచనా మాత్రమే.

ఒక్క మాట, ఫోటో కోసం పిడిని బలంగా తిప్పకండి. సిరా ఎండిపోయి ఉంటే ఆ పట్టు గుడ్డ చిరిగిపోతుంది.