పదహారు అంచుల దారం: నేల టైల్స్ మీద వైశాల్యం, చుట్టుకొలత ఆటలు

ఆరు, ఏడు తరగతులకు వైశాల్యం, చుట్టుకొలత చెప్పడానికి నేల టైల్స్, దారం చాలాకాలంగా వాడుతున్నాను. కడప జిల్లాలో ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. రెండు సూత్రాలూ మా పిల్లలకు ముందే నోటికొచ్చి ఉంటాయి. అయినా గది చుట్టూ తోరణం కట్టాలంటే ఏది కావాలి, నేలంతా చాప పరచాలంటే ఏది కావాలి అని అడిగితే సగం మంది తడబడతారు. ఇంకో గట్టి నమ్మకం కూడా ఉంటుంది: చుట్టూ ఉన్న దారం అంతే అయితే లోపలి చోటు కూడా అంతే ఉంటుందని. ఈ నమ్మకాన్ని కదిలించడానికి ఈ ఆటలంత బాగా పనిచేసింది నేనింతవరకు చూడలేదు. అయితే దారం, నేల ముందుగా సరిచూసుకోకపోతే ఆట తప్పు నేర్పిస్తుంది. అందుకే అక్కడినుంచి మొదలుపెడతాను.

మా పాత గదుల్లో కడప నల్లబండలు పరిచారు. చల్లగా, గట్టిగా ఉంటాయి కానీ ఒక్కో వరుస ఒక్కో వెడల్పు. ఒక వరుసలో మూడు బండల పొడవు పక్క వరుసలో మూడు బండలకు సరిపోదు. అలాంటి నేల మీద బండలు లెక్కపెట్టి వైశాల్యం అంటే అర్థం లేదు. ఒక దారం ముక్కను ఒక బండ అంచుకు సరిగ్గా కత్తిరించి, మిగతా బండల మీద పెట్టి చూడమంటే పిల్లలకే తెలిసిపోతుంది. బండల గదే దిక్కయితే వాటిని పట్టించుకోకుండా సుద్దముక్కతో సమాన చతురస్రాలు గీసుకోవాలి.

కొత్త గదిలో రెండడుగుల టైల్స్ ఉన్నాయి. ఆటకు అవే సరైన సైజు, ఎందుకంటే నాలుగు మూలల్లో నలుగురు పిల్లలు కూర్చున్నా ఒకరినొకరు తోసుకోరు. ఆటకు పదహారు టైల్ అంచుల పొడవున్న దారం కావాలి, అక్కడ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. రెండడుగులది అని అందరూ అంటారు గానీ దాని అంచు 60 సెంటీమీటర్లు, రెండడుగులంటే దాదాపు 61. టేపుతో అడుగుల్లో కొలిచి దారం తెంపితే పదహారు అంచులకు వచ్చేసరికి జానెడు దాకా తేడా వస్తుంది. అందుకే నేను టేపు వాడను. దారాన్ని నేల మీదే పరిచి, టైల్స్ మధ్య గీత వచ్చిన ప్రతిచోటా గుర్తు పెడతాను. ఎనిమిది టైల్స్ దాకా వెళ్లి, మడిచి వెనక్కి వస్తే పదహారు అంచులు. ముడికి రెండు వైపులా కాస్త వదులుకుంటే మొత్తం పది మీటర్ల దారం సరిపోతుంది. ముడి వేసేటప్పుడు మొదటి గుర్తూ చివరి గుర్తూ ఒకే చోట కలవాలి. ముడిలో దారం లోపలికి పోయిందంటే ఏ ఆకారమూ సరిగ్గా మూసుకోదు.

నైలాన్ దారం వద్దు. నలుగురు పిల్లలు నాలుగు వైపుల నుంచి లాగితే సాగుతుంది, దానికితోడు టైల్ మీద జారిపోతుంది. జనపనార పురికొస సాగదు, పెట్టినచోటే ఉంటుంది. దానిమీద పెన్ను గీత పాకిపోతుంది కాబట్టి గుర్తుకు ఎర్రనూలు ముక్క కట్టడం మేలు. మొత్తం ఖర్చు ఈ పురికొసే.

ఇక ఆట. నలుగురు దారాన్ని పట్టుకుని టైల్స్ గీతల మీద చతురస్రమో దీర్ఘచతురస్రమో చేయాలి. దారం ఎక్కడా వదులుగా ఉండకూడదు, టైల్‌కు అడ్డంగా మూల నుంచి మూలకు పోకూడదు. మొదట నాలుగు టైల్స్ పొడవు, నాలుగు టైల్స్ వెడల్పు. లోపల లెక్కపెడితే పదహారు. తర్వాతి ఆకారం చేయించే ముందు ప్రతి ఒక్కరూ లోపల ఎన్ని టైల్స్ వస్తాయో పలక మీద రాయాలి. ఈ మెట్టును ఎప్పుడూ వదలకూడదు. ముందే రాయకపోతే, ఫలితం చూశాక "నాకు తెలుసు" అని అందరూ అంటారు, పాత నమ్మకం లోపల అట్లే ఉండిపోతుంది. దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఎక్కువ మంది పదహారే రాస్తారు.

ఐదు పొడవు, మూడు వెడల్పు చేస్తే పదిహేను వస్తుంది. తప్పు లెక్కపెట్టామని మళ్లీ మళ్లీ లెక్కపెడతారు. ఆరు, రెండు చేస్తే పన్నెండు. ఏడు, ఒకటి చేస్తే ఏడే. అప్పుడొస్తుంది అసలు ప్రశ్న: "దారం అదే గదా మేడమ్, లోపల టైల్స్ యాడికి పోయినాయి?"

ఇక్కడ చాలామంది టీచర్లు పట్టిక రాయించి ముందుకు వెళ్లిపోతారు. ఆగాల్సింది ఇక్కడే అని నా అభిప్రాయం, ఎందుకంటే టైల్స్ ఎక్కడికి పోయాయో నేల మీదే చూపించవచ్చు. నాలుగు నాలుగుల చతురస్రంలో ఉన్న ప్రతి టైల్ మీద ఒక చింతగింజ పెట్టించండి. ఇప్పుడు ఐదు మూడుల ఆకారానికి మారాలంటే ఒక అడ్డవరుస బయటికి పోతుంది, పక్కన ఒక నిలువువరుస చేరుతుంది. పోయిన అడ్డవరుసలో నాలుగు గింజలున్నాయి. చేరిన నిలువువరుసలో మూడు టైల్సే ఉన్నాయి. ఒక గింజ చేతిలో మిగిలిపోతుంది. ఆ గింజను చేతిలో పట్టుకున్న పిల్లకు ఇంక ఏమీ చెప్పనక్కర్లేదు. ఐదు మూడుల నుంచి ఆరు రెండులకు పోతే ఐదు గింజలు పోయి రెండు చేరతాయి, మూడు మిగులుతాయి. ఆరు రెండుల నుంచి ఏడు ఒకటికి పోతే ఆరు పోయి ఒకటి చేరుతుంది, ఐదు మిగులుతాయి. ఒకటి, మూడు, ఐదు. ఆకారం సన్నగా సాగేకొద్దీ తీసే వరుస పొడవుగా, చేర్చే వరుస పొట్టిగా అవుతుంది కాబట్టి నష్టం పెరుగుతూ పోతుంది. ఈ మాట ఏడో తరగతి పిల్లలు తమంతట తామే చెప్పడం చాలాసార్లు విన్నాను.

అదే పట్టిక చూసి పొడవు, వెడల్పు కలిపితే ప్రతిసారీ ఎనిమిదే వస్తోందని కూడా గమనిస్తారు. దారంలో సరిగ్గా సగం. చుట్టుకొలత సూత్రంలోని ఆ 2 ఎక్కడిదో అప్పుడు వేరే చెప్పాల్సిన పని ఉండదు.

ఈ ఆటలో పదేపదే వచ్చే తప్పు ఒకటుంది. చుట్టుకొలత ఎంత అంటే అంచు వెంట ఉన్న టైల్స్‌ను లెక్కపెట్టేస్తారు. నాలుగు నాలుగుల చతురస్రానికి పన్నెండు అంటారు. మూలలో ఉన్న టైల్‌కు రెండు అంచులు బయటికి ఉంటాయి, కానీ లెక్కలో అది ఒక్కసారే పడింది. నాలుగు మూలలకు నాలుగు తగ్గాయి. కొందరు దారం బయట ఉన్న టైల్స్‌ను మూలలతో సహా లెక్కపెట్టి ఇరవై అంటారు. జవాబు సరిగ్గా నాలుగు తగ్గినా, నాలుగు పెరిగినా ఆ పిల్లవాడు గీతను వదిలి టైల్‌ను లెక్కపెడుతున్నాడని అర్థం. ఏడు ఒకటి ఆకారంలో మాత్రం నాలుగు తగ్గే గుర్తు పనిచేయదు. మాటలతో దిద్దితే నిలవదు. దారం వెంట గీత మీదే నడిపించి, ఒక్కో అంచు దాటినప్పుడల్లా మిగతావాళ్లతో చప్పట్లు కొట్టిస్తే పదహారు వస్తాయి. చుట్టుకొలతను నడవాలి, వైశాల్యాన్ని గింజలతో నింపాలి. రెండు పనులూ శరీరానికి వేరువేరుగా తెలిస్తే నోట్‌బుక్‌లో కలగాపులగం బాగా తగ్గుతుంది.

రెండో ఆటకు మా పిల్లలు పెట్టుకున్న పేరు కొరుకుడు ఆట. నాలుగు నాలుగుల చతురస్రంలో, బిస్కెట్ కొరికినట్టు, ఒక టైల్ తీసేయాలి. మూలలోది తీస్తే దారాన్ని లోపలికి మడిచినా అది సరిగ్గా సరిపోతుంది. చుట్టుకొలత పదహారే, వైశాల్యం పదిహేను. మూలది కాకుండా అంచు వరుస మధ్యలో ఉన్న ఒక టైల్ తీసి చూడమనండి. దారం సరిపోదు, సరిగ్గా రెండు అంచులు తక్కువ పడుతుంది. బయట ఉన్న ఒక అంచు పోయి, లోపలికి మూడు అంచులు కొత్తగా వచ్చాయి. లోపలి చోటు తగ్గితే చుట్టుకొలత పెరగడం ఏమిటని గట్టిగా వాదులాడుకుంటారు. ఆ వాదనకు కనీసం పది నిమిషాలు ఇవ్వాలి. నాలుగు మూలలూ కొరికేస్తే వైశాల్యం పన్నెండుకు పడిపోయినా చుట్టుకొలత పదహారు నుంచి ఏమాత్రం మారదు. మొదటి ఆటలో కుదరని పిల్లలకు కూడా ఇది ఇష్టం. నాకు మాత్రం చింతగింజల ఆటే ఎక్కువ ఉపయోగపడింది.

లోట్లు ఉన్నాయి. ఒక గదిలో ఒకేసారి రెండు గుంపులకే చోటు ఉంటుంది. తరగతిలో నలభై మంది ఉంటే మిగతావాళ్లకు గళ్ల నోట్‌బుక్‌లో అదే పని ఇవ్వాల్సిందే, లేకపోతే గోల. ఇంకో పెద్ద లోటు, పిల్లలు టైల్స్‌లో చక్కగా చెప్పింది చదరపు అడుగుల్లోకి మార్చమంటే తడబడతారు. టైల్ అంచు రెండడుగులు అనుకుంటే పదహారు టైల్స్ వైశాల్యం ముప్పై రెండు అనేస్తారు. ఒక టైల్ మీద సుద్దతో అడ్డంగా, నిలువుగా రెండు గీతలు గీసి నాలుగు గళ్లు చూపించాలి. చుట్టుకొలత ముప్పై రెండు అడుగులే, వైశాల్యం మాత్రం అరవై నాలుగు చదరపు అడుగులు. ఈ భాగాన్ని దారం నేర్పదు, దానికి ఇంకో పీరియడ్ విడిగా పెట్టుకోండి.

ఐదో తరగతికి గింజలు లెక్కపెట్టడం వరకు చాలు. ఏడో తరగతిలో మాత్రం ఎవరో ఒకరు గీతల మధ్యలో ఆపితే ఏమవుతుందని అడుగుతారు. అడగకపోతే మీరే అడగండి. పొడవు నాలుగున్నర, వెడల్పు మూడున్నర పెడితే పదహారు అంచుల దారమే సరిపోతుంది. లోపల నిండు టైల్స్ పన్నెండు, సగం టైల్స్ ఏడు, అంటే మూడున్నర. మొత్తం పదిహేనున్నర అని ఆపేస్తారు. మూలలో మిగిలిన ముక్కను చాలామంది చూడరు, చూసినవాళ్లు దాన్ని కూడా సగమే అంటారు, పదహారు వచ్చిందని సంతోషపడతారు. సుద్దతో గీసి చూస్తే అది పావు టైల్. మొత్తం పదిహేనుంపావా, పదిహేనుముప్పావా అని వాదులాడుకుని, చివరికి పదిహేనుముప్పావు దగ్గర ఆగుతారు. చతురస్రం కంటే పావు టైల్ తక్కువ.