స్ట్రెస్, స్ట్రెయిన్: రెండు రకాల నిర్వచనాలు

సాంకేతిక పదకోశంలో స్ట్రెస్ అంటే "బరువు పడితే కలిగే ఒత్తిడి", స్ట్రెయిన్ అంటే "దానివల్ల వచ్చే సాగుదల" అని విడివిడిగా రాస్తే చదవడానికి హాయిగానే ఉంటుంది. కానీ ప్రెషర్ దగ్గరికి వచ్చేసరికి మళ్లీ "ఒత్తిడి" అనే రాస్తాం. సాగుదల మిల్లీమీటర్లలోనా, నిష్పత్తిగానా అన్నదీ తేలదు.

అన్నిటికీ ఒకే మూస పెడితే, ముందు అది ఎలాంటి రాశో, తర్వాత దేన్ని దేనితో భాగించాలో, చివర ప్రమాణం చెబుతాం. స్ట్రెస్: వస్తువు లోపల యూనిట్ వైశాల్యంపై పనిచేసే బలం, పాస్కల్. స్ట్రెయిన్: పొడవులో మార్పుకూ అసలు పొడవుకూ నిష్పత్తి, ప్రమాణం లేదు. 2 మీటర్ల కడ్డీ 1 మిల్లీమీటరు సాగితే అది 0.0005.

కాస్త పొడిగా ఉన్నా నా ఓటు దీనికే. అయితే షియర్ స్ట్రెయిన్ కోణంలో మార్పు కాబట్టి, దానికి వేరే ఎంట్రీ తప్పదు.