ఓవర్‌శాంప్లింగా, పీఎల్‌ఎల్లా?

విడిగా క్లాక్ తీగ లేనప్పుడు రిసీవర్‌కు సమయం తెలిసేది సిగ్నల్‌లోని మార్పులతోనే.

ఓవర్‌శాంప్లింగ్: ఒక్కో బిట్‌ను పలుసార్లు చూస్తుంది. సెకనుకు 12 మెగాబిట్ల యూఎస్‌బీకి 48 మెగాహెర్ట్జ్ క్లాక్ చాలు, బిట్‌కు 4 నమూనాలు వస్తాయి. మార్పు కనబడగానే లెక్క మళ్లీ మొదలుపెట్టి, బిట్ నడిమి నమూనాను తీసుకుంటాం. వరుసగా 6 ఒకట్లు వస్తే పంపేవైపు ఒక సున్నా చేరుస్తుంది. అక్కడ సున్నా అంటేనే మార్పు. కాబట్టి 7 బిట్లకు మించి ఎదురుచూపు ఉండదు. రెండు క్లాకుల మధ్య 0.5 శాతం తేడా ఉన్నా, ఆలోపు జారేది బిట్‌లో 3.5 శాతమే. ఖర్చు కాస్త లాజిక్ మాత్రమే.

పీఎల్‌ఎల్, అంటే ఫేజ్ లాక్డ్ లూప్: క్లాక్‌నే మార్పుల వెంట నడిపిస్తుంది. లూప్ మందకొడిదైతే, మార్పులు కాస్త ముందూవెనకా పడే జిట్టర్ వెంట పోలేక బిట్లు తప్పుతాయి. మరీ చురుకైతే ఆ జిట్టరే క్లాక్‌లోకి ఎక్కుతుంది. పైగా లాక్ కావడానికి సమయం కావాలి.

ఆ యూఎస్‌బీ ప్యాకెట్ ముందు వచ్చేవి 8 సింక్ బిట్లే కనుక అక్కడ ఓవర్‌శాంప్లింగ్ నయం. 5 గిగాబిట్ల లింక్‌లో అదే పద్ధతికి సెకనుకు 2,000 కోట్ల నమూనాలు కావాలి. అక్కడ పీఎల్‌ఎల్ తరహాయే సరి.