2.3 పెద్దదా, 2.0 పెద్దదా? ఆ షాపులో ఇలా అడిగితే జాగ్రత్త

బస్టాండ్ ఎదురుగా ఉన్న షాపే, పేరు రాయను, మన ఊళ్లో అందరికీ తెలిసిందే. నాన్నకి ఫోన్ కొందామని శనివారం వెళ్లా. ఇంట్లో అన్నీ చూసుకుని హీలియో జీ85 చిప్ ఉన్నది తీసుకుందామనే వెళ్లా, జీ35 ఉన్నది పట్టుకుని బయటికొచ్చా. అంత తెలివి నాది.

కౌంటర్లో అబ్బాయి రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టి అంకెల మీద వేలు పెట్టాడు. "ఇది 2.3 గిగాహెర్ట్జ్, అది 2.0. రెండూ ఆక్టాకోరే, పైగా ఇది ఏడొందలు తక్కువ. ఏది పెద్దది సార్? చిన్నపిల్లాడు కూడా చెప్తాడు." వెనకాల ఇద్దరు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుకే నోరు మూసుకుని డబ్బులు కట్టేశా.

ఆదివారం కిరాణా కొట్లో నాన్న పేమెంట్ యాప్ నొక్కి, తెరుచుకునే దాకా తెల్ల స్క్రీన్ చూస్తూ నిలబడ్డాడు. చివరికి జేబులోంచి నోటు తీసిచ్చాడు. ఇంటికొచ్చి ఫోన్ లోపల ఏముందో చూపించే CPU-Z యాప్ వేసి చూస్తే, చిప్‌లో పని చేసే ఎనిమిది కోర్లూ Cortex-A53 రకమే. ఆ 2.3 కూడా నాలుగింటికే, మిగతా నాలుగూ 1.8. జీ85లో రెండు Cortex-A75 కోర్లు 2.0 దగ్గర, ఆరు A55 కోర్లు 1.8 దగ్గర ఉంటాయి. అంకె తక్కువైనా, ఒక్క కోర్ వేగాన్ని కొలిచే సింగిల్ కోర్ స్కోరు జీ35 కన్నా జీ85కే దాదాపు రెట్టింపు వస్తుంది.

గిగాహెర్ట్జ్ అంటే సెకనుకి ఎన్ని టిక్కులో అంతే. 2.3 అంటే 230 కోట్లు. ఒక్కో టిక్కులో ఎంత పని అవుతుందన్నది కోర్ తయారీని బట్టి ఉంటుంది. ఏ53 టిక్కుకి రెండు ఆదేశాలకి మించి తీసుకోదు, అదీ వరసలోనే. ఒకదానికి ర్యామ్ నుంచి డేటా రావడం ఆలస్యమైతే వెనకవన్నీ ఆగాల్సిందే, రేషన్ షాపులో ఒకరి వేలిముద్ర పడకపోతే లైనంతా నిలబడ్డట్టు. ఏ75 టిక్కుకి మూడు దాకా తీసుకుంటుంది, ఒకటి ఆగితే వెనక సిద్ధంగా ఉన్నవాటిని ముందు కానిచ్చేస్తుంది. ఇక ఎనిమిది కోర్ల గొప్ప అంటారా, యాప్ తెరిచేటప్పుడు ఎక్కువ భారం ఒకే థ్రెడ్ మీద, అంటే ఒకే కోర్ మీద పడుతుంది, మిగతా ఏడూ చూస్తూ కూర్చుంటాయి.

ఇదంతా తెలిసే వెళ్లా, అదే కడుపు మంట. సోమవారం ఫోన్ తీసుకెళ్తే అదే అబ్బాయి తలైనా ఎత్తకుండా "బిల్లయ్యాక వెనక్కి లేదు సార్. 2.3 కావాలని మీరే కదా తీసుకున్నారు" అన్నాడు. నేనడిగానట! శనివారం సార్ సార్ అంటూ కుర్చీ వేసింది వీడేనా అనిపించింది.

వెళ్లేవాళ్లు డబ్బా మీద అంకె వదిలేసి, చిప్ పేరు కొట్టి అందులో పెద్ద కోర్లు ఏవో, ఎన్నో చూసుకోండి. ఏ73, ఏ75, ఏ76 లాంటివి కనీసం రెండైనా ఉండాలి. అన్నీ ఏ53 అయితే వద్దు. రెండిట్లోనూ ఒకటే కోర్ అయితేనే గిగాహెర్ట్జ్ పోల్చండి. నాన్న మాత్రం బానే ఉందిలేరా అంటున్నాడు, జేబులో చిల్లర పెట్టుకుని తిరుగుతున్నాడు.